ఇంట్లో చెవి కెమెరాతో తీసిన ఫొటో: అది గుబిలా, ఇన్‌ఫెక్షనా?

ఫోనుకు వైఫైతో కలిసే చెవి కెమెరాలు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నాయి. పొద్దున్నే నా ఫోన్ తెరిస్తే ఎర్రటి, పసుప్పచ్చటి, నల్లటి చెవుల ఫొటోలు వచ్చి ఉంటాయి. వాటి కింద దాదాపు అందరూ అడిగేది ఒకటే: "డాక్టర్ గారూ, ఇది ఇన్‌ఫెక్షనేనా?" ఈఎన్‌టీ డాక్టర్‌గా నేను మళ్లీ మళ్లీ చెప్పే జవాబులు ఇవి.

మామూలు కర్ణభేరి ఫొటోలో ఎలా కనిపిస్తుంది?

చెవి కాల్వ పెద్దవాళ్లలో సుమారు 2.5 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. దాని చివర కాస్త ఏటవాలుగా అమరిన పలుచని పొరే కర్ణభేరి. అడ్డంగా కొలిస్తే ఒక సెంటీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. ఆరోగ్యంగా ఉంటే ముత్యం లాంటి బూడిద రంగులో, వెనకున్నది లీలగా తెలిసేంత పలుచగా కనిపిస్తుంది.

దాని మీద రెండు గుర్తులు వెతకండి. మొదటిది, పైనుంచి మధ్య దాకా దిగే తెల్లటి సన్న గీత. అది లోపల కర్ణభేరికి అతుక్కుని ఉన్న సుత్తి ఎముక పిడి. రెండోది, ఆ గీత ఆగిన చోటి నుంచి కిందికి విసనకర్రలా పరుచుకునే మెరుపు. ఫొటో నిటారుగా ఉంటే కుడి చెవిలో ఆ మెరుపు గడియారంలో 5 గంటల దగ్గర, ఎడమ చెవిలో 7 గంటల దగ్గర ఉంటుంది. ఆ చోట లేకపోతే ముందు కెమెరా తిరిగిందేమో చూసుకోండి. కొన్ని కెమెరాల్లో పిడి తిప్పితే బొమ్మ కూడా తిరిగిపోతుంది.

గీత, మెరుపు రెండూ స్పష్టంగా కనిపిస్తుంటే మధ్య చెవిలో చీము నిండి ఉండే అవకాశం చాలా తక్కువ. అందుకే నేను ఏ ఫొటోలోనైనా రంగు కంటే ముందు ఈ రెండింటినే చూస్తాను.

కెమెరాను ఎంత లోపలికి పెట్టాలి?

కాల్వలో బయటి మూడో వంతు మెత్తటి ఎముక మీద ఉంటుంది. అక్కడి చర్మం మందం, వెంట్రుకలూ అక్కడే, గుబిలి తయారయ్యేదీ అక్కడే. ఆ తర్వాత కాల్వ గట్టి ఎముక లోంచి వెళ్తుంది. అక్కడ చర్మం కాగితమంత పలుచన. తగిలితే నొప్పి పుడుతుంది, నెత్తురు కూడా కారుతుంది. కొందరికి దగ్గు తెర వస్తుంది, ఎందుకంటే గొంతుకు వెళ్లే నరానికి ఒక చిన్న కొమ్మ అక్కడా ఉంది. కాబట్టి వెంట్రుకలు కనిపించడం ఆగిన చోట కెమెరా ఆగిపోవాలి. ఈ కెమెరాల్లో చాలావాటికి ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే స్పష్టంగా కనిపిస్తుంది. అంటే మీరు ఆగిన చోటి నుంచే కర్ణభేరి కనబడాలి.

కాల్వ తిన్నగా ఉండదు, వంకర తిరిగి ఉంటుంది. పెద్దవాళ్లకైతే చెవి డొప్పను పైకి, వెనక్కి లాగితే వంకర సర్దుకుంటుంది. పసిపిల్లలకు కిందికి, వెనక్కి లాగాలి. కెమెరా పట్టుకున్న చేతి చిటికెన వేలిని బుగ్గ మీద ఆనించండి. అప్పుడు పిల్లవాడు తల తిప్పినా చెయ్యి తలతోపాటే కదులుతుంది, కెమెరా లోపలికి గుచ్చుకోదు. ఏడాది నిండని పిల్లలకు ఇంట్లో ఈ ప్రయత్నమే వద్దు. వాళ్ల కాల్వ సన్నగా, మెత్తగా ఉంటుంది. అంత చేసినా ఫొటోలో కర్ణభేరి పడేది అరుదు.

ఎప్పుడూ రెండు చెవులూ తీయండి. బాగున్న చెవి ముందు, నొప్పి ఉన్న చెవి తర్వాత. పోల్చి చూడటానికి మీ దగ్గర ఉండే కొలబద్ద ఆ బాగున్న చెవే. చెవి కారుతుంటే మొన తొడుగు మార్చకుండా రెండో చెవిలో పెట్టకండి.

కర్ణభేరి ఎర్రగా కనిపిస్తోంది. ఇన్‌ఫెక్షన్ అనుకోవచ్చా?

ఎరుపు ఒక్కదాన్నే చూసి అనుకోకూడదు. పిల్లలు గుక్కపట్టి ఏడిస్తే కర్ణభేరి ఎర్రబడుతుంది. జ్వరం వచ్చినా, గట్టిగా ముక్కు చీదినా ఎర్రబడుతుంది. కెమెరా మొన కాల్వకు తగిలినా అంతే. దానికితోడు ఈ చిన్న కెమెరాలు రంగును తమ ఇష్టం వచ్చినట్టు సర్దేస్తాయి. చెవిలో పెట్టే ముందు ఒక తెల్ల కాగితాన్ని ఫొటో తీయండి. కాగితమే గులాబీ రంగులో వస్తే ఆ రోజు ఎరుపును లెక్కలోకి తీసుకోకండి.

మధ్య చెవి ఇన్‌ఫెక్షన్‌ను పట్టిచ్చేది ఉబ్బు. వెనక చీము నిండి కర్ణభేరి బయటికి తోసుకొస్తుంది. సుత్తి గీత మునిగిపోతుంది, మెరుపు చెదిరిపోతుంది, పొర మందంగా, పసుపు కలిసిన తెలుపుగా మారుతుంది. ఉబ్బు ఎక్కువైతే మధ్యలో చిన్న గుంట, చుట్టూ పొంగుతో మినప గారెలా కనిపిస్తుంది. ఎముక అతుక్కున్న మధ్య భాగం కదల్లేదు, చుట్టూ ఉన్నదే పొంగుతుంది. అందుకే ఆ ఆకారం.

ఒక కేసు చెబుతాను. నాలుగేళ్ల బాబు. నాలుగు రోజులుగా జలుబు. రాత్రి పదకొండింటికి కుడి చెవి పట్టుకుని ఏడుస్తూ లేచాడు, ఒళ్లు 100.4 డిగ్రీలు ఉంది. వాళ్ల అమ్మ వెంటనే ఫొటోలు తీసి పంపింది. రెండు చెవులూ ఎర్రగానే ఉన్నాయి. నొప్పి ఒక్క చెవిలో, ఎరుపు మాత్రం రెండింట్లో. అది ఏడుపు వల్ల వచ్చిన ఎరుపు కావచ్చు.

ముందు నొప్పికి పారాసెటమాల్ పట్టమన్నాను. బాబు బరువు 16 కిలోలు. కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన 240 మిల్లీగ్రాములు. ఇక్కడే చాలామంది పొరబడతారు. మన షాపుల్లో దొరికే సిరప్‌లలో కొన్నింట్లో 5 మిల్లీలీటర్లకు 120 లేదా 125 మిల్లీగ్రాములు ఉంటే, కొన్నింట్లో 250 ఉంటుంది. మొదటి రకమైతే ఆ బాబుకు సుమారు 10 మిల్లీలీటర్లు, రెండోదైతే 5కు కొంచెం తక్కువ. సీసా మీద అంకె చదవకుండా మూత కొలతతో పోస్తే మందు సగమో రెట్టింపో అయిపోతుంది.

ముప్పావు గంటకు బాబు నిద్రపోయాడు. అప్పుడు మళ్లీ తీయమన్నాను. ఈసారి ఎడమ చెవి బూడిద రంగుకు తిరిగింది, మెరుపు 7 గంటల దగ్గర కనిపించింది. కుడి చెవిలో ఎరుపు తగ్గినా సుత్తి గీత లేదు, పొర పసుపుగా పొంగి ఉంది. మొదటి ఫొటో చెప్పలేనిది రెండో ఫొటో చెప్పింది: ఇన్‌ఫెక్షన్ ఉంది, కుడి చెవిలోనే ఉంది.

పొద్దున్నే పిలిపించి నా పరికరంతో చూశాను. అదే నిజమైంది. అయినా యాంటీబయాటిక్ అప్పుడే రాయలేదు. రెండేళ్లు దాటిన పిల్లవాడు, ఒక్క చెవే, జ్వరం 102.2 దాటలేదు, చీము బయటికి కారడం లేదు, నొప్పి మందుకు లొంగుతోంది. ఇలాంటప్పుడు 48 నుంచి 72 గంటలు నొప్పి మందుతో ఆగి చూడొచ్చు, చాలామందికి దానంతటదే తగ్గుతుంది. ఆగడమంటే వదిలేయడం కాదు. జ్వరం పెరిగినా, నొప్పి తగ్గకపోయినా, చెవి కారినా ఆ రోజే ఫోన్ చేసి రావాలని చెప్పి పంపాను. రెండేళ్లు నిండని వాళ్లకు లెక్క వేరు. వాళ్లలో యాంటీబయాటిక్ త్వరగా మొదలుపెట్టాల్సి రావచ్చు. అది ఫోన్‌లో తేల్చే విషయం కాదు. మూడో రోజుకు బాబుకు నొప్పి పోయింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. నొప్పితో రాత్రంతా ఏడ్చిన పిల్లవాడు తెల్లారుజామున ఒక్కసారిగా ఊరుకుని, దిండు మీద చీము మరక కనిపిస్తే, కర్ణభేరి చిట్లి చీము బయటికి వచ్చిందని అర్థం. నొప్పి పోయింది కదా అని వదిలేయకుండా ఆ రోజే చూపించండి. చిట్లిన పొర చాలావరకు కొన్ని వారాల్లో మూసుకుంటుంది.

నొప్పి తగ్గింది, కానీ ఫొటోలో తేనె రంగు, బుడగలు కనిపిస్తున్నాయి. ఇన్‌ఫెక్షన్ ఇంకా ఉందా?

ఆ బాబు విషయంలో పదో రోజున సరిగ్గా ఇదే ప్రశ్న వచ్చింది. ఉబ్బు పోయింది, పొర వెనక తేనె రంగు ద్రవం, అందులో రెండు మూడు గాలి బుడగలు. "పిలిస్తే పలకడం లేదండీ, టీవీ సౌండ్ పెంచుతున్నాడు" అంది వాళ్ల అమ్మ. ఇన్‌ఫెక్షన్ తగ్గాక మిగిలిన నీరు అది. నొప్పీ జ్వరమూ లేకపోతే దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. బుడగలు కనబడటం నిజానికి మంచి సంకేతం, ముక్కు వెనక నుంచి మధ్య చెవికి గాలి చేరడం మొదలైందన్నమాట. ఆ నీరు చాలామంది పిల్లల్లో మూడు నెలల లోపు ఇంకిపోతుంది. ఈ బాబుకు ఆరు వారాలు పట్టింది. మూడు నెలలు దాటినా ఉంటే, మాటలు వెనకబడుతుంటే, వినికిడి పరీక్ష తప్పనిసరి.

ఈ నీటిని ఫొటో ఒక్కోసారి పట్టుకోలేదు. మేం చెవిలోకి కొద్దిగా గాలి ఊది కర్ణభేరి కదులుతోందా అని చూస్తాం. నీరుంటే కదలదు. కదలికను మీ కెమెరా చూపలేదు.

కాల్వ నిండా గోధుమ రంగు ముద్ద ఉంది. తీయించాలా?

ముందు ఒక లెక్క వేసుకోండి. సెంటీమీటరు పొర మీ ఫోన్ తెర మీద ఆరు సెంటీమీటర్లుగా కనిపిస్తే, గుబిలి కూడా ఆరు రెట్లు పెరిగే కనిపిస్తుంది. తెర మీద కొండలా ఉన్నది చెవిలో ఆవగింజంతే కావచ్చు.

గుబిలి మురికి కాదు. కాల్వ చర్మాన్ని తడి నుంచి, సూక్ష్మజీవుల నుంచి కాపాడే పూత. పైగా చెవి తనను తానే శుభ్రం చేసుకుంటుంది. కర్ణభేరి మధ్య నుంచి చర్మం మెల్లగా బయటికి జరుగుతూ, గోరు పెరిగినంత నెమ్మదిగా, గుబిలిని మోసుకొస్తుంది. తయారయ్యేది బయటి మూడో వంతులోనే అని చెప్పాను కదా, మరి కర్ణభేరికి ఆనుకుని ముద్ద ఉందంటే అది దానంతటది అక్కడికి వెళ్లలేదు. ఇయర్ బడ్, పిన్నీసు, అగ్గిపుల్ల, ఏదో ఒకటి నెట్టింది. ఫొటోలో ముద్ద ముఖం చదునుగా, నొక్కినట్టు ఉంటే బడ్స్ వాడుతున్నారా అని అడుగుతాను. చాలాసార్లు అవుననే అంటారు.

వినికిడి తగ్గితే, చెవి దిబ్బడగా ఉంటే, హోరుగా ఉంటే, లేదా డాక్టర్‌కు కర్ణభేరి చూడాల్సిన అవసరం ఉంటే తీయాలి. లేకపోతే వదిలేయండి. పక్కన సన్నటి సందు మిగిలినా శబ్దం లోపలికి వెళ్తుంది. అందుకే సగానికి పైగా మూసుకున్న చెవి కూడా బాగానే వింటుంది. తలస్నానం చేశాక ఉన్నట్టుండి చెవి మూసుకుపోయిందనే వాళ్లకు జరిగేది, నీటికి ఆ ముద్ద ఉబ్బి ఆ చివరి సందు కూడా పూడుకుపోవడమే.

ఇంట్లో ఎలా కరిగించాలి? కెమెరాతోపాటు వచ్చిన చిన్న చెంచాతో తీయొచ్చా?

చెంచా పారేయండి. ఈ మాట నొక్కి చెబుతున్నాను. తెర మీద లోతు తెలియదు, అంతా ఒకే మట్టంలో ఉన్నట్టు కనిపిస్తుంది. గుబిలి అంచు అనుకుని గోకింది కర్ణభేరి అయిన కేసులకు నేనే వైద్యం చేయాల్సి వచ్చింది.

కర్ణభేరికి రంధ్రం లేదని, గతంలో చెవి కారలేదని, ఆపరేషన్ జరగలేదని తెలిస్తేనే చుక్కలు వాడండి. గుబిలి కరిగించే సోడియం బైకార్బొనేట్ చుక్కలు మందుల షాపులో దొరుకుతాయి. సీసాను కాసేపు అరచేతిలో పట్టుకుని ఒంటి వేడికి తెచ్చి, పక్కకు పడుకుని నాలుగైదు చుక్కలు వేసి, ఐదు నిమిషాలు అలాగే ఉండండి. చల్లటి చుక్కలు వేస్తే తల తిరుగుతుంది. రోజుకు రెండు మూడు సార్లు, మూడు నుంచి ఐదు రోజులు. మధ్యలో ముద్ద ఉబ్బి చెవి ఇంకా మూసుకున్నట్టు అనిపించడం మామూలే. నొప్పి పుడితే మాత్రం ఆపేయండి. ఐదు రోజులకూ పోకపోతే మేం సన్నటి గొట్టంతో పీల్చి తీస్తాం, కొద్ది నిమిషాల పని. షుగర్ ఉన్నవాళ్లు, ఒక్క చెవితోనే వినేవాళ్లు ఇంట్లో నీళ్లు కొట్టే ప్రయత్నం అసలు చేయకండి.

తెల్లటి దూదిలాంటిది, మీద నల్ల చుక్కలు. ఇదేం గుబిలి?

ఇది గుబిలి కాదు, బూజు. తడిసిన వార్తాపత్రిక ముక్కలా ఉంటుందని మా పాఠాల్లో పోలిక. తెల్లటి నూగు మీద మిరియప్పొడి చల్లినట్టు నల్ల చుక్కలు. దగ్గరగా తీస్తే సన్న పోగులు కూడా తెలుస్తాయి. దురద విపరీతంగా ఉంటుంది, గుబిలి ఒక్కటే ఉంటే అంత దురద ఉండదు.

మన వాతావరణంలో, ముఖ్యంగా వానాకాలంలో, ఇది చాలా ఎక్కువ. దురద పుట్టగానే వెల్లుల్లి కాచిన కొబ్బరి నూనె పోయడం మన ఇళ్లలో అలవాటు. ప్రేమతోనే పోస్తారు, కానీ తడీ వెచ్చదనమూ బూజుకు కావాల్సినవే. షాపులో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్ చుక్కలు వారాల తరబడి వేసినా బూజు పెరుగుతుంది, దానికి పోటీగా ఉండే బ్యాక్టీరియా చచ్చిపోతుంది కనుక. వైద్యంలో సగం శుభ్రం చేయడమే. బూజు తీయకుండా పైన క్లోట్రిమజోల్ చుక్కలు వేస్తే మందు చర్మాన్ని చేరదు. తీశాక రెండు వారాల పాటు చుక్కలు, చెవి పొడిగా ఉంచడం. దురద తగ్గగానే మానేస్తే మళ్లీ వస్తుంది.

కాల్వే వాచి మూసుకుపోయింది, కర్ణభేరి కనిపించడం లేదు. ఎలా?

చెవి ముందున్న చిన్న రెక్కను నొక్కి చూడండి. నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి ఉంటే అది బయటి కాల్వ ఇన్‌ఫెక్షన్. చెరువులో, ఈత కొలనులో మునిగాక, లేదా గోకాక వస్తుంది. మధ్య చెవి నొప్పి అలా నొక్కితే పెరగదు. వాచిన కాల్వలోకి కెమెరా తోయకండి. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు ఈ నొప్పి రాత్రుళ్లు నిద్ర పట్టనంతగా ఉంటే, చుక్కలతో తగ్గకపోతే, ఇన్‌ఫెక్షన్ ఎముకకు పాకుతోందేమో వెంటనే చూడాలి.

కర్ణభేరి పైభాగాన చిన్న గోధుమ పెచ్చు ఒక్కటే ఉంది. గుబిలే కదా?

నన్ను అన్నిటికంటే కలవరపెట్టే ఫొటో ఇదే. సుత్తి గీతకు పైన, కర్ణభేరి అన్నిటికంటే వదులుగా ఉండే చోట, ఒక్క పెచ్చు. మిగతా కాల్వ అంతా శుభ్రం. గుబిలి అంత లోపల, అంత పైన, ఒంటరిగా ఉండదు. దాని వెనక పొర లోపలికి లాక్కుపోయి సంచిలా మారి, అందులో చర్మపు పొట్టు పేరుకుంటూ ఉండవచ్చు. దాన్ని కొలెస్టియాటోమా అంటాం. పేరు భయపెట్టినా క్యాన్సర్ కాదు. కానీ మెల్లగా చెవి లోపలి ఎముకలను తినేస్తుంది, దీనికి ఆపరేషన్ ఒక్కటే మార్గం. నొప్పి ఉండదు. అప్పుడప్పుడూ కుళ్లు వాసనతో కొద్దిగా చెవి కారుతుంది, వినికిడి తగ్గుతుంది. ఇలాంటి పెచ్చు కనిపిస్తే చుక్కలు వేయకుండా ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి.

దీనికి భిన్నంగా, పొర మీద సుద్ద పూసినట్టు తెల్లటి మచ్చ చదునుగా ఉంటే అది పాత ఇన్‌ఫెక్షన్ వదిలిన గుర్తు. చాలామందికి దాంతో ఏ ఇబ్బందీ ఉండదు.

రంధ్రంలా నల్లగా కనిపిస్తోంది.

నీడ కావచ్చు. కెమెరాను కొంచెం పక్కకు వంచి మళ్లీ తీయండి. వెలుగు మారినా అదే చోట, అంచులు స్పష్టంగా ఉండి, లోపల గులాబీ రంగు తడి కనిపిస్తే రంధ్రమే అనుకోవచ్చు. అప్పుడు నూనె, గుబిలి చుక్కలు, నీళ్లు ఏవీ పోయకూడదు. స్నానానికి ముందు దూదికి వాజ్‌లైన్ పట్టించి చెవి బయట పెట్టుకోండి.

ఫొటో శుభ్రంగా ఉంది, అయినా నొప్పి లేదా వినపడకపోవడం.

ఇక్కడ కెమెరా తప్పుడు ధైర్యం ఇస్తుంది. చెవిలో తెలిసే నొప్పి పుచ్చిన దవడ పన్ను నుంచి, దవడ కీలు నుంచి, గొంతు నుంచి కూడా రావచ్చు. గుట్కా, ఖైనీ, చుట్ట అలవాటున్న వ్యక్తికి వారాల తరబడి ఒకవైపు చెవిపోటు ఉండి, కర్ణభేరి మామూలుగా ఉంటే, నాలుక మొదలు, గొంతు చూడకుండా పంపకూడదు. శ్రీకాకుళం, విశాఖ తీరాన చుట్టను నిప్పు లోపలికి పెట్టి తాగే అలవాటున్న పెద్దవాళ్ల విషయంలో అంగిలి కూడా చూడాలి.

వినికిడి గంటల్లోనో, రెండు మూడు రోజుల్లోనో ఒక చెవికి పడిపోయి, ఫొటో మామూలుగా ఉంటే అది నరానికి సంబంధించినది కావచ్చు. నోరు మూసుకుని "మ్..." అని దీర్ఘంగా అనండి. గుబిలి వల్ల మూసుకున్న చెవి అయితే శబ్దం ఆ చెవిలోనే ఎక్కువగా వినిపిస్తుంది. బాగున్న చెవిలో వినిపిస్తే నరం మీద అనుమానం. ఇది నిర్ధారణ కాదు, తొందర పెట్టడానికి ఒక గుర్తు మాత్రమే. స్టెరాయిడ్ మొదటి రోజుల్లో ఇస్తేనే ఫలితం ఎక్కువ. గుబిలి చుక్కలు వేస్తూ రెండు వారాలు పోగొట్టుకున్న వాళ్లను చూశాను, ఆ రోజులు తిరిగి రావు.

ఫొటో తీస్తూ కూర్చోకూడని సందర్భాలు ఏవి?

చెవి వెనక ఎముక దగ్గర వాపు, ఎరుపు, చెవి డొప్ప ముందుకు తోసుకురావడం. మూతి ఒక పక్కకు పోవడం. చెవినొప్పితో పాటు మెడ బిగుసుకోవడం, మత్తుగా పడిపోవడం. పిల్లలు గుండ్రటి బటన్ బ్యాటరీ పెట్టుకోవడం. బ్యాటరీ తడి తగిలితే కొన్ని గంటల్లోనే కాల్వను కాల్చేస్తుంది, చుక్కలు, నీళ్లు అసలు వేయకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. పురుగు దూరితే మాత్రం, చెవికి రంధ్రం లేదని తెలిస్తే, గోరువెచ్చని కొబ్బరి నూనె నాలుగు చుక్కలు వేస్తే అది చచ్చి కదలడం ఆగుతుంది. తర్వాత తీయించుకోండి.

డాక్టర్‌కు ఫొటో ఎలా పంపాలి?

ఫొటో కంటే పది సెకన్ల వీడియో మేలు. బయటి నుంచి మెల్లగా లోపలికి వెళ్తూ తీస్తే కాల్వ గోడలు, ముద్ద ఎంత లోతులో ఉందో తెలుస్తాయి. కుడి, ఎడమ అని పేరు రాయండి. ఏ పేరూ లేని చెవి ఫొటోతో నేనేం చేయలేను. నొప్పి ఎప్పుడు మొదలైంది, జ్వరం ఎంత, తీసేటప్పుడు ఏడుస్తున్నాడా, చెవి కారిందా, లోపల ఇప్పటికే ఏం పోశారు, ఇవి రెండు వాక్యాల్లో చెప్పండి. నూనె పోసిన సంగతి దాచకండి. నూనె పొర మీద పడిన వెలుగు అచ్చం ఉబ్బులా మెరుస్తుంది.